ఐదు వేల దగ్గర మొదలైన అబద్ధం: భార్యాభర్తల మధ్య డబ్బు దాపరికాలు నమ్మకాన్ని ఎలా తినేస్తాయి, మళ్ళీ నిజం ఎలా మొదలుపెట్టాలి

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. పెళ్ళయ్యాక ఆ వంద ఎక్కడ ఆపాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫ్యామిలీ కౌన్సెలింగ్ పనిలో నా ముందుకొచ్చే జంటల్లో ఎక్కువమంది ఒక పెద్ద మోసం గురించి రారు, చిన్న చిన్నవి పోగుపడి వస్తారు, "ఇంతకీ ఆయన చేసింది పెద్ద తప్పేం కాదండీ, కానీ ఇప్పుడు ఆయన పాలు తెచ్చానన్నా ఫ్రిజ్ తీసి చూస్తున్నాను" అంటారు. ఈ వ్యాసం ఆ ఫ్రిజ్ తీసి చూసే స్థితి ఎలా వస్తుంది, అక్కడినుంచి వెనక్కి రావడానికి ఏం చెయ్యాలి అనే దాని గురించి. అన్ని రకాల అబద్ధాలూ ముట్టుకోను, డబ్బు దగ్గర ఆడే అబద్ధాలు మాత్రమే తీసుకుంటాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఎక్కువగా మొదలయ్యేది అక్కడే, పైగా డబ్బుకి కాగితం ఉంటుంది కాబట్టి నిజం ఎంతో తేల్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ చెప్తాను. ఇది ఒక్క జంట కథ కాదు, చాలామంది దగ్గర విన్నవి కలిపి రాస్తున్నది, అంకెలు కూడా అలా అనుకున్నవే. హైదరాబాద్‌లో ఉంటారు, అతనికి ప్రైవేట్ ఉద్యోగం, నెలకి 68 వేలు చేతికొస్తుంది, ఆమె స్కూల్ టీచర్, 28 వేలు. ఏడేళ్ళ పాప. అతనికి ఊళ్ళో ఒక తమ్ముడున్నాడు, ఏ పనీ నిలకడగా చెయ్యడు. తమ్ముడి విషయంలో అప్పటికే రెండుసార్లు గొడవైంది, ఆమె "ఇంకో రూపాయి ఆ అబ్బాయికి ఇస్తే నేను ఊరుకోనండీ" అనేసింది. తర్వాత కొన్నాళ్ళకి తమ్ముడు ఫోన్ చేసి బండి ఫైనాన్స్ వాళ్ళు ఎత్తుకెళ్తారన్నా అంటే ఇతను 5 వేలు పంపించాడు. ఇంట్లో చెప్పలేదు. ఇక్కడిదాకా అబద్ధం ఏమీ లేదు, చెప్పకపోవడం మాత్రమే ఉంది. నెలాఖరుకి 5 వేలు తగ్గితే ఆమె అడిగింది, "ఈ నెల ఇన్సెంటివ్ పడలేదు" అన్నాడు.

అదీ మొదటిది. ఆ మాటకి అతనికేమీ ఖర్చవలేదు, గొడవ తప్పింది, ఆమె కూడా "పోనీలెండి, వచ్చే నెల పడుతుంది" అంది. ఆ ఊరట దగ్గరే అసలు ప్రమాదం ఉంది, ఎందుకంటే నిజం చెప్తే వచ్చే గొడవ గంట ఉంటుంది, అబద్ధం చెప్తే ఒక్క నిమిషంలో అంతా సర్దుకుంటుంది, మనసు ఏ దారి తేలికో అదే గుర్తుపెట్టుకుంటుంది. తమ్ముడు మళ్ళీ అడిగాడు, మళ్ళీ ఇన్సెంటివ్ పడలేదు. మూడోసారి అడిగినప్పుడు జీతంలో సర్దలేక క్రెడిట్ కార్డు గీశాడు, ఆ తర్వాత కార్డు కట్టడానికి పర్సనల్ లోన్ తీసుకున్నాడు, లోన్ ఈఎంఐ ఒక నెల లేటయ్యేట్టుంటే ఫ్రెండ్ దగ్గర చేబదులు తీసుకున్నాడు.

లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్వలాభం కోసం చిన్న అబద్ధాలు చెప్పే అవకాశం మనుషులకిచ్చి, వాళ్ళ మెదడుని స్కాన్ చేసి చూశారు. మొదట్లో అబద్ధం చెప్పినప్పుడు భావోద్వేగాలకి సంబంధించిన అమిగ్డాలా అనే భాగం గట్టిగా స్పందించింది, చెప్పేకొద్దీ ఆ స్పందన తగ్గుతూ వచ్చింది, అది తగ్గేకొద్దీ చెప్పే అబద్ధం సైజు పెరిగింది. ల్యాబ్‌లో ఆడించిన ఆటలో తేలిన విషయం ఇది, పెళ్ళికి ఉన్నదున్నట్టు అతికించకూడదు గానీ, నా ముందు కూర్చున్నవాళ్ళు చెప్పేది మాత్రం దాదాపు ఇదే. "మొదటిసారి చెప్పిన రాత్రి నిద్రపట్టలేదండీ, తర్వాత తర్వాత నోట్లోంచి దానంతటదే వచ్చేసేది" అంటారు. మనిషి చెడ్డవాడైపోయాడని కాదు, లోపల గుచ్చుకునేది గుచ్చుకోవడం మానేసింది.

ఇప్పుడు ఆమె వైపు చూద్దాం, ఎందుకంటే చాలామందికి అర్థం కానిది ఇక్కడే ఉంది. ఇన్సెంటివ్ రావట్లేదని ఆమె నమ్మింది. నమ్మి ఊరుకోలేదు, ఆ నమ్మకం మీద నిర్ణయాలు తీసుకుంది. పాప స్విమ్మింగ్ క్లాసు మాన్పించింది. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే "ఆయనకి ఆఫీసులో బాగోలేదమ్మా, పండక్కి రాలేము" అని చెప్పింది. తోటి టీచర్ పిల్లల టూర్‌కి పిలిస్తే ఏదో వంక చెప్పి తప్పించుకుంది. అంటే అతని అబద్ధాన్ని ఆమె తనకి తెలియకుండానే మోసుకెళ్ళి తన తల్లికీ, తన స్నేహితురాలికీ, తన కూతురికీ చెప్పింది. ఒకరోజు పాప అతని ఫోన్‌లో బొమ్మల వీడియో చూస్తుంటే పైన మెసేజ్ పడింది, కార్డు మినిమమ్ డ్యూ కట్టమని. ఆ రోజు ఆమె ఏడ్చింది డబ్బు గురించి కాదు. స్విమ్మింగ్ గురించి. "అది రెండు నెలలు ఏడ్చిందండీ, నాన్నకి ఇప్పుడు డబ్బుల్లేవురా అని నేనే నచ్చచెప్పాను" అంది. అతనికి ఇది అస్సలు ఎక్కలేదు, "నలభై వేలకి ఇంత రాద్ధాంతమా" అన్నాడు, ఎందుకంటే అతను అబద్ధాన్ని రూపాయల్లో కొలుస్తున్నాడు, ఆమె మాత్రం ఆ అబద్ధం నమ్మి తాను గడిపిన నెలల్లో కొలుస్తోంది.

అబద్ధం బయటపడ్డప్పుడు ఒక విషయం తెలియడంతో ఆగదు, పాతవన్నీ మళ్ళీ తిరగెయ్యాల్సొస్తుంది. ఆ రోజు ఆఫీసులో లేటన్నాడు, అది నిజమేనా? పోయిన దసరాకి బోనస్ ఇంతే అన్నాడు, అంతేనా? ఒక్కోదానికీ ఆమె దగ్గర జవాబు లేదు, అడిగితే వచ్చే జవాబు నమ్మే పరిస్థితీ లేదు. బయటివాళ్ళకి ఇది అతిగా అనుమానించడంలా కనిపిస్తుంది, అత్తగారు "మగాడన్నాక ఏదో అప్పు చెయ్యడా" అంటుంది, కానీ ఇది అనుమానపు జబ్బు కాదు, తన జీవితం లెక్క తనకే తప్పని తెలిసిన మనిషి కూర్చుని మళ్ళీ లెక్కేసుకోవడం.

ఇంతవరకూ జరిగింది ఒక ఎత్తు. నేను చూసినంతలో చాలా ఇళ్ళల్లో నమ్మకాన్ని నిజంగా విరిచేది దొరికిపోయాక జరిగే రెండో ఘట్టం. అతను ఆ రోజు 40 వేలు అని చెప్పాడు. అసలు కార్డు మీద ఉన్నది 92 వేలు. ఎందుకు తగ్గించాడంటే, ఆమె తట్టుకోలేదని, కాస్త చల్లారాక మిగతాది చెప్దామని. తొమ్మిదో రోజు బ్యాంకులో ఈఎంఐ కట్ అయిన మెసేజ్ ఆమె చూసింది, అప్పుడు పర్సనల్ లోన్ ఇంకా 1,40,000 బాకీ ఉందని ఒప్పుకున్నాడు, కార్డు అసలు లెక్క కూడా అప్పుడే చెప్పాడు. "ఇంకేమైనా ఉందా" అంటే పాప మీద ఒట్టేసి లేదన్నాడు. నెల తర్వాత ఫ్రెండ్ భార్య ఎక్కడో కలిసి మాటల్లో 30 వేల చేబదులు గురించి అనేసింది. మొత్తం 2,62,000. అదే మొదటిరోజు 2,62,000 అని చెప్పుంటే ఒక్క పెద్ద దెబ్బ, ఇప్పుడు మూడు దెబ్బలు, ప్రతి దెబ్బకీ ముందు "ఇంతే, ఇంకేం లేదు" అన్న మాట. ఆ "ఇంతే" అనే మాటకి ఇక విలువ పోయింది, రేపు నిజంగా ఇంతే అయినప్పుడు కూడా ఆమె నమ్మలేదు.

ఈ విషయం మీద కూడా 2014లో కొందరు పరిశోధకులు పనిచేశారు, చేసిన తప్పుని సగం ఒప్పుకున్నవాళ్ళ మీద. పూర్తిగా ఒప్పుకున్నవాళ్ళకంటే సగం ఒప్పుకున్నవాళ్ళకే మనసు ఎక్కువ బాధపడుతుందని తేలింది. అంటే కిస్తీల్లో చెప్పే నిజం వినేవాళ్ళనే కాదు, చెప్పేవాళ్ళని కూడా తేలికపరచదు. 2006లో వచ్చిన ఇంకో అధ్యయనం కొంచెం కఠినంగా ఉంటుంది, అయినా చెప్పాలి. డబ్బులతో ఆడించిన ఒక ఆటలో, అవతలివాడు నమ్మకానికి తగ్గట్టు నడుచుకోనప్పుడు పోయిన నమ్మకం, తర్వాత వరుసగా సరిగ్గా నడుచుకుంటే తిరిగొచ్చింది. కానీ దానితో పాటు అబద్ధం కూడా ఆడి ఉంటే, క్షమాపణ చెప్పినా, మాటిచ్చినా, తర్వాత సరిగ్గా నడుచుకున్నా, నమ్మకం మునుపటంత స్థాయికి చేరలేదు. అందులో ఆడినవాళ్ళు అపరిచితులు, చిన్న మొత్తాలు, కాసేపటి ఆట, ఏళ్ళ కాపురం వేరు. కానీ ఒక్క సంగతి మాత్రం కాపురానికీ పనికొస్తుంది. తప్పు చెయ్యడం, తప్పుని దాచడం రెండు వేరు వేరు గాయాలు. తమ్ముడికి డబ్బిచ్చినందుకు సారీ చెప్తే దాచినందుకు చెప్పినట్టు కాదు, చాలామంది మొగుళ్ళు చెప్పేది మొదటి సారీ, భార్య ఎదురుచూసేది రెండోది, అందుకే "ఎన్నిసార్లు సారీ చెప్పాలి" అని ఇతను, "అసలు చెప్పావా" అని ఆమె.

సరే, బాగుచేసుకోవడం ఎలా. నేను మొదట చెప్పేది, మొత్తం నిజం ఒకే కూర్చోవడంలో, కాగితాలతో. నోటిమాటగా కాదు. దొరికిన రోజు రాత్రి పదకొండుకి అరుపుల మధ్య కాదు, రెండు మూడు రోజుల్లో ఒక టైమ్ అనుకుని, పాపని అమ్మమ్మ దగ్గర దింపి. చెప్పాల్సినవాళ్ళు ముందు తయారవ్వాలి. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు క్రెడిట్ బ్యూరోలున్నాయి, రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఒక్కో బ్యూరో ఏడాదికోసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. అందులో మన పేరు మీద ఉన్న లోన్లు, కార్డులు, ఎంత బాకీ, ఏ నెల లేటు అన్నీ ఉంటాయి. దాన్ని డౌన్‌లోడ్ చేసి, బ్యాంక్ స్టేట్‌మెంట్, యూపీఐ హిస్టరీ పక్కన పెట్టుకోవాలి. అయితే చేబదుళ్ళూ, వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినవీ, బంగారం కుదువ కొట్లో పెట్టినదీ ఏ రిపోర్ట్‌లోనూ కనబడకపోవచ్చు, కాబట్టి అవి గుర్తుతెచ్చుకుని చేత్తో రాయాలి. ఎవరికి, ఎంత, ఎప్పటినుంచి, దాని కోసం ఇంట్లో ఏ అబద్ధం చెప్పాను. ఈ నాలుగో గడి చాలామంది వదిలేస్తారు, అదే ముఖ్యమైనది. "ఇన్సెంటివ్ పడలేదన్నాను, అది అబద్ధం, ఫలానా నెలనుంచి ఫలానా నెలదాకా పడింది, దాన్ని ఇలా వాడాను" అని ఉంటే, ఆమె పాత నెలల లెక్క తాను ఊహించుకోనక్కర్లేదు.

ఆ రోజు వినేవాళ్ళకీ ఒక పని ఉంది. ఏమిటి, ఎంత, ఎప్పుడు అనే ప్రశ్నలు ఎన్నైనా అడగాలి. ఎందుకు చేశారు అనేది ఆ రోజు పక్కన పెట్టమంటాను, ఎందుకంటే ఎందుకు అన్న వెంటనే అతను "నువ్వు గొడవ చేస్తావని" అంటాడు, ఇక నిజం బల్ల మీద అలాగే ఉండిపోతుంది, తమ్ముడూ అత్తగారూ పాత పెళ్ళిభోజనాలూ అన్నీ వచ్చేస్తాయి. ఇంకో మాట, ఆ కూర్చోవడానికి పెద్దమనుషుల్ని పిలవకండి. పది మంది ముందు మనిషి పరువు కోసం మాట్లాడతాడు, నిజం కోసం కాదు, లెక్క తగ్గించి చెప్పడం మళ్ళీ మొదలవుతుంది.

మన ఉదాహరణలో ఆ రోజు ఇంకొకటి బయటికొచ్చింది. ఆమె కూడా కాలనీలో నెలకి 2 వేల చొప్పున 20 నెలల చీటీ ఒకటి కడుతోంది, ఇతనికి తెలీదు, సరుకుల లెక్కలో కలిపేసేది. "రేపేదైనా అయితే నాకంటూ చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదండీ" అంది. ఇది తెలిసి అతను మొదట ఊపిరి పీల్చుకున్నాడు, "చూశారా, ఇద్దరం ఒకటే" అన్నట్టు నా వైపు చూశాడు. ఒకటే కాదు. ఇంట్లో అప్పు పెంచే దాపరికం, భయంతో కూడబెట్టుకునే దాపరికం ఒకే తూకం కావు. అయినా ఆ చీటీ కూడా కాగితం మీదకి రావాల్సిందే, ఎందుకంటే సరుకుల ధర గురించి ఆమె నెలనెలా చెప్పింది నిజం కాదు కదా, దాన్ని నమ్మి అతను కూడా బజార్లో అన్నీ పెరిగిపోయాయనుకుని లెక్కలేసుకున్నాడు. ఆమె చీటీ ఎత్తి అతని అప్పు కట్టాలని మాత్రం నేను చెప్పలేదు. అది ఆమె ఇష్టం. ఆమె కట్టనంది, నాకు సబబుగానే అనిపించింది.

కాగితం ముందుంటే దాపరికానికి ఎంత ఖర్చైందో కూడా కనిపిస్తుంది. కార్డు బాకీ 92 వేల మీద నెలకి మూడున్నర శాతం వడ్డీ అంటే 3,220, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 580, కలిపితే 3,800. ఇతను ఇంట్లో తెలియకుండా నెలకి 4,600 దాకా సర్ది మినిమమ్ డ్యూ కడుతున్నాడు, అంటే అసలులో తగ్గేది 800. అదే బాకీని బ్యాంకుకి ఫోన్ చేసి ఏడాదికి 16 శాతం వడ్డీతో 24 నెలల ఈఎంఐగా మార్పిస్తే నెలకి దాదాపు 4,500, రెండేళ్ళలో అసలుతో సహా తీరిపోతుంది. ఈ పని అతను ఎప్పుడో చెయ్యొచ్చు, చెయ్యలేదు, ఎందుకంటే కార్డు ఈఎంఐగా మారిస్తే స్టేట్‌మెంట్ ఇంటికొస్తుందేమో, ఆమె చూస్తుందేమో అని. పర్సనల్ లోన్ ఈఎంఐ 5,700 ఎలాగూ నడుస్తుంది. ఫ్రెండ్‌కి నెలకి 5 వేలు, ఆరు నెలలు. మొత్తం 15,200, ఇద్దరి జీతాలు కలిపి 96 వేలొచ్చే ఇంట్లో ఇది కష్టమే గానీ మునిగిపోయే లెక్క కాదు. ఆమె ఆ అంకె చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "దీనికోసమా ఇన్నాళ్ళూ" అంది.

తర్వాత మొదలయ్యేది పొడుగాటి పని, ఎక్కువమంది తప్పు దారి పట్టేది ఇక్కడే. ఆమె సహజంగానే ఫోన్ చెక్ చెయ్యడం మొదలుపెడుతుంది. రోజూ మెసేజ్‌లు, యూపీఐ, కాల్ లిస్ట్. మొదట్లో అది అవసరం కూడా, పాస్‌వర్డ్‌లు, బ్యాంక్ యాప్ ఆమెకి చూపించడానికి అతను ఒప్పుకోవాలి, గొణగకూడదు. కానీ చెకింగ్‌తో ఒక చిక్కుంది. ఏదైనా దొరికితే అనుమానం నిజమైంది, ఏమీ దొరక్కపోతే బాగా దాచాడేమో అనిపిస్తుంది, ఎటొచ్చీ నమ్మకం పెరగదు. మొహం చూసి కనిపెట్టేస్తాను అంటారు కొందరు, అదీ నమ్మొద్దు, మనుషులు అబద్ధాన్ని ఎంత బాగా పసిగడతారో చూసిన రెండు వందలకి పైగా పరిశోధనల్ని 2006లో కలిపి లెక్కేస్తే సగటున 54 శాతం సార్లే సరిగ్గా చెప్పగలిగారు, బొమ్మా బొరుసూ వేసినదానికంటే కాస్త మేలంతే.

నమ్మకం పెంచేది వేరే ఉంది, అడగకముందే వచ్చే సమాచారం. ఆమె వెతికి తెలుసుకున్న నిజానికీ, అతను తనంతట తాను వచ్చి చెప్పిన నిజానికీ చాలా తేడా, రెండోదాంట్లోనే ఆమెకి ఒక రుజువు దొరుకుతుంది, దాచే అవకాశం ఉండి కూడా దాచలేదని. అది కూడా అతనికి ఇబ్బందిగా ఉండే నిజం అయితేనే బరువు. "ఈరోజు జీతం పడింది" అని చెప్పడం తేలిక, "తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు, పది వేలు అడిగాడు, ఇంకా ఏమీ చెప్పలేదు" అని సాయంత్రం ఇంటికి రాగానే చెప్పడం కష్టం. ఆ కష్టమైనవి వరుసగా కొన్ని నెలలు వస్తే ఆమె చెక్ చెయ్యడం తగ్గుతుంది, ఎవరూ మాన్పించకుండానే.

దీనికోసం వాళ్ళు పెట్టుకున్న పద్ధతి చెప్తాను. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక అరగంట, ఫోన్లో బ్యాంక్ యాప్ తెరిచి ఆ వారం లెక్క, ముందు అతను చెప్తాడు, తర్వాత ఆమె. అరగంట దాటితే ఆపెయ్యాలి, వారంలో మిగతా రోజులు రాత్రిపూట విచారణలు ఉండవు, ఏదైనా గుర్తొస్తే కాగితం మీద రాసి ఆదివారానికి ఉంచాలి. ఇది ఇద్దరికీ ఊపిరి, అతనికి ప్రతి క్షణం బోనులో ఉన్నట్టుండదు, ఆమెకి తన ప్రశ్నకి ఒక చోటుంది. రెండోది, 3 వేలు దాటే ఏ ఖర్చైనా, ఎవరికిచ్చేదైనా ముందు చెప్పాలి. మూడోది, ఇద్దరికీ నెలకి చెరో 2 వేలు లెక్క అడగని డబ్బు. చాలామంది ఇది విని ఆశ్చర్యపోతారు, నిజాయితీ అంటూ మళ్ళీ లెక్కలేని డబ్బేమిటని. ప్రతి టీకీ, ప్రతి గాజుకీ లెక్క చెప్పాల్సొచ్చే ఇంట్లో మనుషులు చిన్న అబద్ధాలు ఆడటం మానరు, 3,500 చీర 1,800 అని చెప్పడం అక్కడే పుడుతుంది. ఎవరి గౌరవం వాళ్ళకి ఉండేంత చోటు ఉంటే దాచాల్సిన అవసరం తగ్గుతుంది. ఇంకా, నోరు జారి అబద్ధం వచ్చేస్తే 24 గంటల్లో వచ్చి సరిచేసుకోవచ్చు, అలా సరిచేసుకున్నదానికి ఆ రోజు శిక్ష ఉండదు. అలవాటుగా ఆడేవాళ్ళకి నోరు ముందు, బుద్ధి తర్వాత, ఆ వెసులుబాటు లేకపోతే మొదటి అబద్ధాన్ని కాపాడుకోడానికి రెండోది తప్పనిసరి అవుతుంది.

తమ్ముడి సంగతి తేలకపోతే ఇవన్నీ పైపూతే. ఇంట్లో తమ్ముడి పేరే ఎత్తకూడదు అన్న పరిస్థితి ఉంటే అతను మళ్ళీ దాస్తాడు, అది ఆమె తప్పని అనట్లేదు, అబద్ధం ఆడిన బాధ్యత ఆడినవాళ్ళదే, కానీ నిజం చెప్తే ఏమవుతుంది అన్నది ఇద్దరి చేతుల్లో ఉంది. వాళ్ళు నెలకి 2 వేలు తమ్ముడికని ఖర్చుల్లో బయటికే రాసుకున్నారు. అంతకంటే అడిగితే కాదు అని చెప్పే పని అతనిదే, "మీ వదిన వద్దంది" అని ఆమె మీదకి నెట్టకూడదు. ఇది అతనికి అప్పు తీర్చడం కంటే కష్టమైంది, తల్లితో రెండు వారాలు మాటల్లేవు.

ఎక్కడ ఈ పద్ధతులు పనిచెయ్యవో కూడా చెప్పాలి. ఆన్‌లైన్ బెట్టింగ్, మందు లాంటి వ్యసనం ఉంటే అబద్ధం దాని లక్షణాల్లో ఒకటి, ఎన్ని ఆదివారాలు కూర్చున్నా వ్యసనానికి వైద్యం జరగకుండా నిజం నిలబడదు, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు. ఇంకోటి, కొడతాడన్న భయంతో భార్య అబద్ధాలు ఆడుతున్న ఇల్లు. అక్కడ ఆమెని నిజాయితీగా ఉండమనడం అన్యాయం, ప్రమాదం కూడా, ముందు ఆమె క్షేమంగా ఉండాలి, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. ఈ రెండూ కాకుండా, మూడు నాలుగు నెలలు గడిచినా కొత్త అప్పులు బయటపడుతూనే ఉంటే, ఆదివారం కూర్చోవడం ప్రతిసారీ ఏదో వంకతో వాయిదా పడుతుంటే, "ఇంకెంతకాలం నన్ను ఇలా చూస్తావ్" అన్న మాట రెండో వారానికే మొదలైతే, అతను మారుతున్నట్టు కాదు, ఆమె అలిసిపోయేదాకా ఆగుతున్నట్టు. అప్పుడు ఆమె తన జీతం వేరే ఖాతాలో వేసుకోవడం, ఎక్కడా కొత్తగా సంతకం పెట్టకపోవడం, సహదరఖాస్తుదారుగా ఉన్న లోన్లేమైనా ఉన్నాయేమో తన సొంత క్రెడిట్ రిపోర్ట్ తీసి చూసుకోవడం తప్పు కాదు.

మన జంట విషయంలో ఐదో నెల్లో ఒకటి జరిగింది. అతను ఆఫీసులో ఎవరి పెళ్ళికో 1,500 చదివించాడు, ఆమె అడిగితే 500 అన్నాడు. ఏ అవసరమూ లేదు, 3 వేల లోపే, చెప్పినా ఏమీ అనేది కాదు, పాత అలవాటు అంతే. రాత్రి పడుకునే ముందు లేచొచ్చి "అది పదిహేను వందలు, ఎందుకన్నానో తెలీదు" అన్నాడు. ఆమెకి కోపం వచ్చింది, బాగానే వచ్చింది, "ఇంత చిన్నదానికి కూడానా" అంది, ఆ రాత్రి ఇంకేం మాట్లాడలేదు. ఆదివారం కూర్చున్నప్పుడు ఆ 1,500 లెక్కలో రాసి, ఇలాంటివి ఎక్కడెక్కడ నోట్లోంచి వచ్చేస్తున్నాయో అతన్నే ఒక నెల రాసి పెట్టమంది. ఆ నెల్లో ఏడు వచ్చాయి, అందులో ఆరు ఆఫీసు నుంచి బయల్దేరిన టైమ్ గురించి, ఆరున్నరకి బయల్దేరి ఆరుకే బయల్దేరానని చెప్పడం లాంటివి. పాప స్విమ్మింగ్ ఆ నెలలోనే మళ్ళీ మొదలైంది, ఫీజు ఆమె కట్టింది. కార్డు ఈఎంఐలు ఇంకా 20 ఉన్నాయి, బ్యాంక్ యాప్ ఆమె ఇప్పటికీ చూస్తుంది, రోజూ కాదు గానీ.